సన్నదే వేయమన్నాను

బియ్యం విషయంలో నన్ను మోసం చేసేవాడు పాశమైలారంలో ఇంకా పుట్టలేదు. గుప్పెడు తీసి అరచేతిలో పోసుకుంటే చాలు, పాతవో కొత్తవో, వండితే ఎంత ఒదుగుతాయో ఇట్టే చెప్పేస్తాను. నా పేరు చంద్రకాంత్. ఫ్యాక్టరీ పనివాళ్ళు ఉండే హాస్టలుకు పన్నెండేళ్ళుగా మేనేజరును. గదులు, నీళ్ళు, మెస్సు అన్నీ నా చేతి మీదే నడుస్తాయి. అంతటివాణ్ణి ఒక టీవీ వైరు దగ్గర బోల్తా పడ్డాను. పడితే పడ్డాను, నాతోపాటు సుకుమారి పేరును కూడా కింద పడేసేవాణ్ణే. అందుకని ఆమె సంగతి చెప్పాలంటే నా సంగతి కూడా కొంత చెప్పుకోక తప్పదు.

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ఒక టైలరుతో సగం సగం పంచుకున్న షట్టరు కొట్టు సుకుమారిది. డిష్షులు బిగిస్తుంది, కేబుళ్ళు లాగుతుంది, కెమెరాలు పెడుతుంది. వయసు నలభైకి ఒకటి రెండు తక్కువ. వాళ్ళ నాన్న థామస్ ఒకప్పుడు కేబుల్ టీవీ లైన్‌మ్యాన్. వైరు చుట్ట భుజానికి తగిలించుకుని మిద్దె మీది నుంచి మిద్దె మీదికి నడిచిన మనిషి. బడికి సెలవు వస్తే కూతురిని వెంట తీసుకుపోయేవాడు. తక్కిన పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడే వయసులో ఈమె వైరు తోలు ఒలవడం నేర్చుకుంది. ఆ తర్వాత సంగారెడ్డి ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివింది. భర్త ఏలీయా గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టు ఆపరేటరు. సెలవు దొరికిన రోజు బండికి నిచ్చెన కట్టి ఆమెను పని దగ్గర దింపేది ఆయనే. దింపి వెళ్ళిపోతాడు. పక్కన నిలబడి సలహాలు ఇవ్వడు. మొగుళ్ళలో ఇది అరుదైన గుణమని నా అభిప్రాయం.

ఆమె పని నేను మొదటిసారి చూసింది మా ఆఫీసు గదిలో. టీవీ ఆగిపోతే పిలిచాను. నా ఎదుటే కూర్చుని వైరు కొసకు కొత్త పిన్ను కట్టింది. పిన్ను అని మనం అంటాం గానీ దాని అసలు పేరు ఎఫ్ కనెక్టర్. ముందు పైతోలు వేలెడంత ఒలిచింది. లోపల జల్లెడలాగా అల్లిన సన్నని తీగలుంటే వాటిని జుట్టు దువ్వినట్టు వెనక్కి దువ్వి తోలు మీదికి మడిచింది. దాని లోపల తెల్లని నురగ, ఆ నురగ నడుమ ఒకే ఒక్క తీగ. నురగను కొలిచి కోసి, కనెక్టరును మర తిప్పినట్టు తిప్పి తిప్పి ఎక్కించింది. నడిమి తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపించాలట. తక్కువైతే టీవీ పక్కన ఉండే సెట్‌టాప్ పెట్టె లోపల అందదు, ఎక్కువైతే లోపలి గుంటను పాడుచేస్తుంది. వెనక్కి మడిచిన తీగల్లో ఒక్క పోగు నడిమి తీగను తాకినా షార్టే. అన్నీ అయ్యాక పిన్నును రెండు వేళ్ళతో పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఊడలేదు. మా ఆఫీసులో పాతికమంది పనివాళ్ళ పని చూశాను గానీ కట్టిన పనిని తానే ఊడపీకి చూసే మనిషిని అంతకుముందు చూడలేదు.

అప్పటి నుంచి ఏ చిన్న పని ఉన్నా ఆమెనే పిలిచేవాణ్ణి. అంతవరకు నేను మంచివాణ్ణే.

మా యజమాని రాంచందర్ సారుకు పాశమైలారంలో ఇలాంటి హాస్టళ్ళు మూడు. ఈ ఎండాకాలం చివర్లో మా డైనింగు హాల్లో పెద్ద టీవీ పెట్టించాలని ఆయనకు బుద్ధి పుట్టింది. మా దగ్గర ఉండేవాళ్ళలో బిహారు పిల్లలే ఎక్కువ. డబ్బు కట్టక్కరలేని డిష్షులో వాళ్ళ భోజ్‌పురి చానళ్ళు వస్తాయి. ఇది కుదిరితే మిగతా రెండు హాస్టళ్ళలోనూ అదే మనిషితో పెట్టించి, ఏడాది పొడుగునా బాగోగులు కూడా ఆ మనిషికే అప్పగిస్తానన్నాడు. ఆ మాట చెప్పినప్పుడు సుకుమారి ముఖం వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్క పిన్ను కట్టే బతుకు నుంచి ఈ ఫ్యాక్టరీల ఎస్టేటులో నిలకడైన పని చేతికొచ్చే అవకాశం అది. పైగా ఇక్కడ ఇంతవరకు ఏ హాస్టలూ డిష్షు పని ఒక ఆడమనిషికి అప్పగించలేదు. ఇది కుదిరితే కుదిరినట్టు, చెడితే ఎస్టేటు గేటు దాటి ఇక పని రాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

చిక్కు దూరంతో వచ్చింది. డైనింగు హాలుది రేకుల కప్పు. దాని మీద డిష్షు పెడితే గాలికి ఊగుతుంది, వానకు రేకు కారుతుంది. కింద నేల మీద గుంజకు పెట్టిన పాత డిష్షును నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తూ అప్పడం చేసింది. ఇక మిగిలింది కాంపౌండు ఆ కొసన ఉన్న గదుల బిల్డింగు మిద్దె. సుకుమారి టేపు పెట్టి కొలిచింది. మిద్దె మీది నుంచి గోడ వెంట దిగి, ప్రహరీ పక్కనుంచి వచ్చి, హాలులో టీవీ దాకా నూట పది మీటర్లు వచ్చింది. దీనికి దొడ్డు వైరు, లావుది వేయాలి అన్నా అంది.

దొడ్డు అన్న మాట వినగానే నా ఒళ్ళు మండింది. రేషను షాపులో కూడా సన్నబియ్యం ఇస్తున్న రోజులివి. మా మెస్సులో దొడ్డుబియ్యం వండితే పళ్ళాలు ఎత్తి నా ముఖాన కొట్టరా? దొడ్డుది అంటే నాసిరకం, సన్నది అంటే మేలురకం. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన లోకం ఇది. ఈమె మాకు నాసిరకం అంటగట్టాలని చూస్తోందని అనుకున్నాను. సన్నది లేదా అని అడిగాను. ఉంది గానీ ఇంత దూరానికి ఆగదంది. మాకు మంచిదే కావాలి, సన్నదే వేయమన్నాను. ఆమె నవ్వి, బియ్యానికీ వైరుకూ లెక్క ఉల్టా అన్నా అని చెప్పింది. నన్ను ఆట పట్టిస్తోందనుకుని ఇంకా బిగుసుకున్నాను. నేనే సంగారెడ్డికి మనిషిని పంపి సన్నవైరు చుట్టలు తెప్పించి ఆమె ముందు పడేశాను. ఎంత ముచ్చటగా ఉన్నాయో. చిటికెన వేలంత కూడా లేవు, ఎటు వంచితే అటు వంగుతున్నాయి.

ఆమె ఒక చుట్ట ఎత్తి కొస పట్టుకుని చూసింది. మళ్ళీ ఏదో అనబోయి మానేసి, సంచిలోంచి ఆ కొలతకు సరిపోయే చిన్న పిన్నులు తీసింది.

మొదటి రోజు బొమ్మ వచ్చింది. వార్తలు వచ్చాయి, పాటలు వచ్చాయి. నేను మీసం తిప్పాను. చూస్తూ పోతే అసలు కావలసిన భోజ్‌పురి చానళ్ళు మాత్రం గళ్ళు గళ్ళుగా విరిగిపోతున్నాయి. మనిషి నోరు ఒకచోట, గడ్డం ఒకచోట. మర్నాడు కాస్త మబ్బు పట్టిందో లేదో అన్ని చానళ్ళూ పోయి, సిగ్నల్ లేదు అన్న అక్షరాలు మిగిలాయి. పిల్లలు నా వంక చూసి హిందీలో ఏమనుకున్నారో నాకు అర్థమైంది గానీ ఇక్కడ రాయను.

రాంచందర్ సారు ఫోను చేసి ఏమైందని అడిగాడు. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. వైరు సంగతి ఎత్తలేదు. పిన్నులు సరిగా కట్టినట్టు లేదు సార్ అన్నాను. పన్నెండేళ్ళ మేనేజరు మాటను ఆయన ఎందుకు కాదంటాడు? పటాన్‌చెరు నుంచి అంజన్నను పిలిపించి చూపిద్దాం, ఆయన తప్పుందంటే ఆమెను పక్కన పెట్టి పనంతా ఆయనకే ఇద్దాం అన్నాడు. అంజన్న పాతకాపు, పెద్ద పెద్ద లాడ్జీలకు డిష్షులు బిగించినవాడు. ఏ రోజు అని సారు అడిగితే ఆదివారం పొద్దున అన్నాను. ఆదివారం పొద్దున సుకుమారి చర్చిలో ఉంటుందని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆదివారం తొమ్మిదిన్నరకు అంజన్న వచ్చాడు. సారు కూడా వచ్చి హాల్లో కుర్చీ వేసుకున్నాడు. పది కాకముందే గేటు దగ్గర ఏలీయా బండి ఆగింది. సుకుమారి దిగింది. తెల్ల చీర, ఒక చేతిలో బైబిలు, ఇంకో భుజానికి పనిముట్ల సంచి. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు, బహుశా మా వంటమనిషి పోశమ్మే అయ్యుంటుంది. మొదటి ఆరాధన కాగానే సరాసరి వచ్చిందట. బైబిలును పోశమ్మ చేతికిచ్చి కొంగు నడుముకు చుట్టుకుంది. నాకు నమస్తే కూడా పెట్టింది.

అంజన్న ముందు ఆమె కట్టిన పిన్నులు విప్పాడు. రెండు కొసలవీ విప్పి కళ్ళద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. లాగాడు. తర్వాత తన సంచిలోంచి కొత్తవి తీసి కట్టాడు. బొమ్మ అలాగే విరిగింది. సంచిలోంచి బూస్టరు డబ్బా తీసి టీవీ వెనక తగిలించాడు. గళ్ళు ఇంకా పెద్దవయ్యాయి తప్ప లాభం లేదు. అంజన్న చెమట తుడుచుకుని, పిన్నులు పక్కాగా కట్టింది సార్, వాటిలో దోషం లేదు అన్నాడు. నేను అనుకున్నంత చెడ్డవాడు కాదు.

మరి దోషం ఎక్కడుంది అని సారు అడిగాడు. ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు సుకుమారి లేచి, అందరినీ మిద్దె మీదికి రమ్మంది.

ఆమె చేతిలో సిగ్నలు కొలిచే చిన్న మీటరు ఉంది. డిష్షు దగ్గరే జానెడు వైరుతో మీటరు తగిలించి సారుకు చూపించింది. గీత నిండుగా నిలబడింది. డిష్షు ఆకాశం నుంచి తెచ్చేది తెస్తూనే ఉంది. తర్వాత అందరం కిందికి దిగి హాలుకు వచ్చాం. అదే మీటరును టీవీ దగ్గర వైరు కొసకు తగిలించింది. గీత అడుగున కొట్టుకుంటోంది. పైన ఉన్నది కింద లేదు. మధ్యలో ఉన్నది వైరు ఒక్కటే.

సారుకు అర్థమయ్యేట్టు ఆమె వివరించిన తీరు నాకు మాట మాటా గుర్తుంది.

"సార్, ఇది నీళ్ళ పైపు లెక్క కాదు, పోసిందంత అవతలికి రాదు. వైరుల పోతుంటేనే సిగ్నలు అరుగుతది. ఈ సన్నదాంట్ల పది మీటర్లు పోయేసరికి సగమైతది. ఇంకో పది పోతే ఆ సగంల సగం. దొడ్డుదాంట్ల పద్దెనిమిది మీటర్లు పోయినంకగాని సగం గాదు."

నేను లెక్కల్లో వెనకబడ్డవాణ్ణి కాను. నూట పది మీటర్లలో సన్నవైరుకు పదకొండు సగాలు, దొడ్డుదానికి ఆరు. మనసులో యాభై కిలోల బియ్యం బస్తా పెట్టుకుని సగం చేసుకుంటూ పోయాను. ఆరు సార్లు సగం చేస్తే ముప్పావు కిలో పైచిలుకు మిగిలింది. ఒకరికి కడుపునిండా వండి పెట్టి ఇంకా మిగులుతుంది. పదకొండు సార్లు చేస్తే పాతిక గ్రాములు కూడా లేదు. పిచ్చుకకు వేయాలి.

భోజ్‌పురి చానళ్ళే ముందు ఎందుకు పోయాయో కూడా ఆమె చెప్పింది. అవి ఇక్కడ పై ఫ్రీక్వెన్సీ మీద వస్తున్నాయి, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ అరుగుదల ఇంకా ఎక్కువ. పైగా డిష్షు ముందు ఉండే చిన్న డబ్బాకు కరెంటు ఈ వైరులోంచే, పెట్టె నుంచి పైకి పోవాలి. సన్నవైరు ఆ కరెంటును కూడా దారిలోనే తినేస్తుంది. అంజన్న బూస్టరు ఎందుకు పనిచేయలేదో చెప్పేటప్పుడు మాత్రం ఆయన నొచ్చుకోకుండా చూసుకుంది. అరిగిపోయాక పెంచితే సిగ్నలుతోపాటు చెత్త కూడా పెరుగుతుంది పెద్దయ్యా, పెట్టేదుంటే డిష్షు దగ్గరే పెట్టాలి అంది. ఆయన తల ఊపాడు.

అప్పటికి ఏలీయా బండి మీద నుంచి పెద్ద చుట్ట ఒకటి దింపి పెట్టి వెళ్ళాడు. అప్పుడు చూశాను దొడ్డు వైరును. ఇంచుమించు చిటికెన వేలంత లావు. వంచబోతే వంగదు, మొండిఘటం. దాని నడిమి తీగ ఎంత లావంటే పెట్టె గుంటలో పట్టనే పట్టదు. అందుకని దాని కనెక్టరే వేరు, ముందు సన్నని సూది తనతోనే ఉంటుంది. దాన్ని తిప్పి ఎక్కించడం కాదు, పట్టుకారులాంటి పరికరంతో నొక్కి బిగించాలి. అంత మొండి వైరు టీవీ వెనక మెలి తిరగదు కాబట్టి కొసన మాత్రం మూరెడు మామూలు వైరు ముక్క కలుపుతారట. గోడకు మేకులు కొట్టకుండా మిద్దె మీది నుంచి కిందికి వదిలి, కాంపౌండులో నేల మీద పరిచి, హాలులోకి తెచ్చి బిగించింది. గంటన్నర పట్టింది.

రిమోటు పిల్లల చేతికే ఇచ్చింది. వాళ్ళు సరాసరి తమ చానలుకు పోయారు. బొమ్మ కడిగినట్టు వచ్చింది. మనిషి నోరు, గడ్డం ఉండవలసిన చోట ఉన్నాయి. హాలంతా ఈలలు. ఒకడు లేచి గంతులేయబోతే పోశమ్మ గరిటె చూపించి కూర్చోబెట్టింది.

నేనూ చప్పట్లు కొట్టాను. ఇక అంతా సర్దుకుపోయింది, ఎవరూ ఏమీ అడగరు అనుకున్నాను. కానీ రాంచందర్ సారు ఊరికే మూడు హాస్టళ్ళు నడపడం లేదు. ఇంత తెలిసిన మనిషివి, ముందే ఆ సన్నవైరు ఎందుకు వేశావమ్మా అని అడిగాడు.

ఆమె నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"వద్దని రెండుసార్లు చెప్పిన సార్. మూడోసారి చెప్పక వేసిన. వేసిన చేతులు నావే, గా తప్పు నాదే."

ఎవరికి చెప్పావు అని సారు అడగలేదు. అడగకపోవడమే నాకు మరీ ఇబ్బందైంది. ఆయన అలా లేచి కారెక్కి ఉంటే నేను బయటపడినట్టే. ఆమెకు సగం మచ్చ మిగిలిపోయేది. తెలిసి కూడా తప్పుడు వైరు వేసిన మనిషి అని ఆయన మనసులో ఒక మూల ఉండిపోయేది. మిగతా రెండు హాస్టళ్ళు అంజన్నకు పోయినా పోయేవే.

"సార్, సన్నది వేయమన్నది నేను," అన్నాను. "దొడ్డు వైరు అంటే నాసిరకం అనుకున్న. వైరు తెప్పించింది నేనే. పిన్నులు బాగలేవని మీకు ఫోన్ల చెప్పింది గూడ నేనే. అబద్ధం చెప్పిన."

అంజన్న మీసాల చాటున నవ్వుకున్నాడు. బియ్యం లెక్క వైరుకు పెట్టినవా అని సారు అడిగాడు. పెట్టాను సార్ అన్నాను. నవ్వుతాడేమో అనుకున్నాను గానీ నవ్వలేదు. పని చెడినందుకు నాకు కోపం లేదు, ఆమె మీదికి తోసినందుకు ఉంది అన్నాడు, నాతో కాదు, తనతో తాను అన్నట్టు. తర్వాత సుకుమారి వైపు తిరిగి, మిగతా రెండిటి పని రేపటి నుంచి మొదలుపెట్టమన్నాడు. ఏం కావాలన్నా చంద్రకాంత్‌ను అడిగి చేయమన్నాడు. అలవాటు కొద్దీ అన్న మాట అది.

"అన్నను అడగ సార్," అంది ఆమె. "కొలత పట్టి, మీటరు పెట్టి నేనే చూసుకుంట. ఏ వైరు అన్నది నా ఇష్టం. గట్లయితేనే చేస్త."

ఎంత ధీమాగా అందో. పని చేతికొచ్చిన క్షణంలో షరతు పెట్టింది. సారు సరే అన్నాడు. నేనూ సరే అన్నాను, నన్ను ఎవరూ అడగకపోయినా.

అందరూ వెళ్ళాక ఆమె పనిముట్లు సంచిలో సర్దుకుంటుంటే పక్కకు వెళ్ళాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. అందుకని వంకరగా, సారు అడిగినప్పుడు నా పేరు ఎందుకు చెప్పలేదు, చెప్పి ఉంటే అక్కడితో తేలిపోయేది కదా అన్నాను. ఆమె తలెత్తి నన్ను సూటిగా చూసింది. కోపం లేదు ఆ ముఖంలో. ఎప్పుడో తేల్చుకున్న విషయం చెబుతున్నట్టు ఉంది.

"నా మాట మీ మాట ఎదురుబొదురు పెడితే, మీదే నెగ్గుతుండె అన్నా. గందుకే మొదలు వైరు తోటి చెప్పించిన."

పోశమ్మ దగ్గర బైబిలు తీసుకుని, మళ్ళీ వచ్చిన ఏలీయా బండి ఎక్కింది ఆమె. నేను హాలు గుమ్మంలోనే నిలబడిపోయాను. తొమ్మిది నెలలుగా ఆ మనిషితో పని చేయించుకున్నాను, ఆమె పిన్ను లాగి చూసుకోవడం ప్రతిసారీ మెచ్చుకున్నాను. ఆమె చెప్పిన మాటను మాత్రం ఒక్కసారి కూడా నమ్మలేదు.